సోలార్ సబ్‌మెర్సిబుల్ పంపు సైజు: లెక్క బోరు దగ్గర మొదలవ్వాలి

"ఎన్ని హెచ్‌పీ మోటారు పెట్టాలి?" సోలార్ పంపు గురించి మాట్లాడటానికి వచ్చే ప్రతి రైతూ మొదట అడిగేది ఇదే. దీనికి జవాబు ఉంది. కానీ అది లెక్క సగం దాటాక గానీ రాదు. ముందే హెచ్‌పీ తేల్చుకుని తర్వాత దానికి సరిపడా ప్యానెళ్లు కొన్నవారిలో చాలామందికి మిట్టమధ్యాహ్నం బోరు గాలి కక్కుతుంది. లేదంటే ఉదయం పది దాటినా నీటిచుక్క రాదు.

కరెంటు మోటారు స్విచ్ వేసిన క్షణం నుంచి ఆపేదాకా దాదాపు ఒకే ధారగా పోస్తుంది. సోలార్ పంపు ధార ఎండతోపాటు మారుతుంది. ఉదయం సన్నగా మొదలై, మధ్యాహ్నానికి జోరందుకుని, సాయంత్రానికి మళ్లీ సన్నగిల్లుతుంది. పంపు బోరును అన్నిటికన్నా గట్టిగా లాగేది ఎండ నడినెత్తిన ఉన్న ఆ రెండు మూడు గంటల్లోనే. ఆ సమయంలో బోరు ఎంత తట్టుకోగలదన్నదే మొత్తం లెక్కకు పునాది. అందుకే ముందు బోరును, తర్వాత పంట అవసరాన్ని, ఆ తర్వాత నీటిని ఎంత ఎత్తుకు తోయాలో చెప్పే హెడ్‌ను చూడాలి. పంపు, ప్యానెళ్లు ఆ వరుసలో చివరికి వస్తాయి.

ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా తీసుకెళ్తాను. రెండెకరాల కూరగాయల తోట, డ్రిప్‌తో సాగు. బోరు లోతు 120 మీటర్లు, లోపలి వ్యాసం 165 మిల్లీమీటర్లు. లెక్కంతా మీటర్లలోనే చేస్తాను, ఎందుకంటే పంపు పట్టికలు అలాగే ఉంటాయి. మీ బోరు కొలతలు అడుగుల్లో ఉంటే 3.28తో భాగించండి.

మొదటి మెట్టు: బోరును పరీక్షించడం

బోరు వేసినరోజు "రెండించుల నీళ్లు పడ్డాయి" అని చెబుతారు. ఆ కొలత కంప్రెసర్ గాలితో నీటిని పైకి ఎగదన్నినప్పటిది. ఆ కాసేపట్లో బోరు ఎంత చిమ్మిందో అది చెబుతుంది. రోజుకు ఏడెనిమిది గంటలు, వేసవి పొడవునా బోరు ఎంత ఇవ్వగలదో చెప్పదు. దాని మీద పంపు ఎంపిక చేయకండి.

మనకు కావలసినవి రెండు కొలతలు. పంపు ఆగి ఉన్నప్పుడు నీళ్లు ఎంత లోతులో ఉన్నాయన్నది నిలకడ మట్టం. పంపు నడుస్తుండగా ఆ నీళ్లు ఎక్కడికి దిగి నిలుస్తాయన్నది పంపింగ్ మట్టం. ఈ రెంటికీ మధ్య తేడాను దిగుదల అంటాను. పరీక్షకు ఏదో ఒక పంపు తాత్కాలికంగా కావాలి. అద్దెకు తెచ్చినదైనా, జనరేటర్‌తో నడిపినదైనా ఫరవాలేదు. డెలివరీ పైపుకు గేట్ వాల్వు ఉంటే ధారను మనకు కావలసినట్టు తగ్గించి పెంచవచ్చు.

నీటిమట్టం కొలవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. రెండు తీగల కేబులు చివర రాగిని కొద్దిగా బయటపెట్టి, చిన్న బరువు కట్టి, మీటరు మీటరుకూ గుర్తు పెట్టి బోరులోకి దించండి. రెండో చివర మల్టీమీటరును నిరోధం కొలిచే స్థానంలో ఉంచండి. చివర నీటిని తాకగానే ముల్లు కదులుతుంది. ఒక జాగ్రత్త తప్పనిసరి. డెలివరీ పైపు పక్కనే 20 లేదా 25 మిల్లీమీటర్ల పైపు ఒకటి దించి, ఈ తీగను దానిలోంచే పంపాలి. లేకపోతే తీగ మోటారు కేబులుకు చుట్టుకుని ఇరుక్కుపోతుంది. ఆ పైపును పరీక్ష అయ్యాక కూడా అలాగే ఉంచేయండి. ఏటా అవసరపడుతుంది.

నీటి ధారను 200 లీటర్ల డ్రమ్ముతో, గడియారంతో కొలవండి. డ్రమ్ము రెండు నిమిషాల్లో నిండితే నిమిషానికి 100 లీటర్లు, 80 సెకన్లలో నిండితే 150, సరిగ్గా నిమిషంలో నిండితే 200.

మా ఉదాహరణలోని బోరును వానలు పడబోయే ముందు, మట్టం బాగా కిందికి వెళ్లిన రోజుల్లో పరీక్షించాం. నిలకడ మట్టం 34 మీటర్లు. వాల్వును మూడు స్థాయుల్లో తెరిచి, ఒక్కో స్థాయిలో మట్టం నిలిచేదాకా, కనీసం గంటన్నర నడిపాం. నిమిషానికి 100 లీటర్లు తీసినప్పుడు నీళ్లు 40 మీటర్ల దగ్గర నిలిచాయి. 150 లీటర్లకు 46 దగ్గర నిలిచాయి. 200 లీటర్లకు గంటలోనే 61 మీటర్లకు పోయి ఇంకా దిగుతూనే ఉన్నాయి.

ఈ మూడు అంకెల్లో బోరు స్వభావమంతా ఉంది. మొదటి 100 లీటర్లకు ఆరు మీటర్లు దిగింది. మరో 50 లీటర్లకు ఇంకో ఆరు మీటర్లు. ఆ తర్వాతి 50 లీటర్లకు 15 మీటర్లు దిగినా నిలవలేదు. గట్టి రాతి నేలల్లో నీళ్లు రాతి పగుళ్లలోంచి వస్తాయి. బోరులో మట్టం పగులు కంటే పైన ఉన్నంతవరకూ, మట్టం దించినకొద్దీ పగులులోంచి నీరు మరింతగా వస్తుంది. మట్టం పగులు కిందికి పోయాక ఇంకెంత దించినా ఆ పగులు ఇచ్చే నీరు పెరగదు. అక్కడినుంచి మనం పీల్చేది బోరులో నిలవ ఉన్న నీటినే. అది అయిపోగానే పంపు గాలి పీలుస్తుంది. ఈ బోరు తవ్వినప్పుడు 50 మీటర్ల దగ్గర పెద్ద పగులు తగిలిందని రాసిపెట్టారు. పరీక్షలో కనిపించిందీ అదే.

కాబట్టి ఈ బోరును నిమిషానికి 150 లీటర్లు దాటి ఎప్పుడూ లాగకూడదు. కరువు ఏడాదికి కొంత వదిలిపెట్టి, నేను 133 లీటర్ల దగ్గర గీత గీశాను. అంటే గంటకు 8 ఘనపు మీటర్లు, 8,000 లీటర్లు. ఆ ధారకు దిగుదల సుమారు 10 మీటర్లు, పంపింగ్ మట్టం 44. రాబోయే చెడ్డ సంవత్సరాల్లో మట్టం మరో ఆరు మీటర్లు తగ్గుతుందనుకుని 50 మీటర్లుగా తీసుకున్నాను. మీరు పరీక్షను వానలు పడిన కొద్ది నెలలకే చేసి ఉంటే ఆరు మీటర్లు చాలవు. పక్క బోర్లలో వేసవికి ఎంత దిగుతుందో అడిగి తెలుసుకుని అంతా కలపాలి.

పరీక్ష ముగించి పంపు ఆపాక వెంటనే ఇంటికి వెళ్లిపోకండి. మట్టం మళ్లీ పైకి రావడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. రాత్రంతా గడిచినా తెల్లవారేసరికి మొదటి మట్టానికి చేరలేదంటే ఆ బోరు రోజూ అంత నీరు ఇవ్వలేదు. అప్పుడు గంటకు ఎంత అన్నదానితోపాటు రోజుకు ఎంత అన్నదానికీ గీత గీయాలి.

రెండో మెట్టు: పంట రోజుకు ఎంత తాగుతుంది

దీన్ని అత్యధిక అవసరం ఉన్న నెలకే లెక్కవేయాలి. ఎండ, గాలి, వేడి కలిసి నేల నుంచీ ఆకుల నుంచీ తీసుకుపోయే నీటిని రోజుకు ఇన్ని మిల్లీమీటర్లని చెబుతారు. వ్యవసాయ వాతావరణ కేంద్రాలు ప్రాంతాల వారీగా ఈ అంకెలు ఇస్తాయి. మన తోటకు మండువేసవిలో రోజుకు 6 మిల్లీమీటర్లు అనుకుందాం. ఆకు నిండా కప్పుకున్న కూరగాయల పంటకు దీన్ని 1.05తో గుణిస్తే 6.3. డ్రిప్‌లో కూడా పదో వంతు వృథా పోతుంది కాబట్టి 0.9తో భాగిస్తే 7 మిల్లీమీటర్లు.

ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరంటే 4,047 లీటర్లు. రెండెకరాలకు ఏడు మిల్లీమీటర్లంటే రోజుకు దాదాపు 57,000 లీటర్లు, అంటే 57 ఘనపు మీటర్లు. అదే తోటకు కాలువల్లో నీళ్లు పారిస్తే వృథా చాలా ఎక్కువ, ఈ అంకె సులువుగా 90 దాటుతుంది. ఈ బోరు అంత ఇవ్వలేదు. అందుకే ఇక్కడ డ్రిప్ తప్ప వేరే దారి లేదు.

ఇప్పుడు బోరునూ పంటనూ పక్కపక్కన పెట్టి చూడండి. 57ను 8తో భాగిస్తే ఏడు గంటల పైచిలుకు. అంటే పంపు తన పూర్తి ధారతో ఏడు గంటలు పోసినదానికి సమానమైన నీరు రోజూ రావాలి. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి. ప్యానెళ్ల సంఖ్యను నిర్ణయించేది ఇదే.

సాధారణంగా ఇక్కడే దారి తప్పుతారు. రోజంతా పడే ఎండ పూర్తి తీవ్రతలో ఎన్ని గంటల ఎండకు సమానమో లెక్కగట్టి, ఒక నెల సగటు ఎండను "పూర్తి ఎండ గంటలు"గా చెబుతారు. మన ఉదాహరణలో అది రోజుకు 5.4 గంటలు. 57ను 5.4తో భాగించి, గంటకు 10.6 ఘనపు మీటర్ల పంపు కావాలని తేల్చేస్తారు. కాగితం మీద అందులో తప్పేమీ కనిపించదు. కానీ అది నిమిషానికి 176 లీటర్లు. మనం చూసిన బోరు 150 దాటితే నిలబడదు. ఆ పంపు పెడితే పదకొండు గంటలకల్లా మట్టం పగులు కిందికి పోతుంది. రోజుకు కావలసిన నీరు ఈ బోరులో ఉంది, గంటకు అంత నీరు లేదు. అందుకే ధారను పెద్దది చేయకుండా, ధార నడిచే సమయాన్ని పొడిగించాలి.

ఏడు గంటలకు బదులు మీ లెక్కలో పదో పన్నెండో వస్తే ఏ ప్యానెళ్లూ ఆ లోటు తీర్చలేవు. సాగు విస్తీర్ణం తగ్గించుకోవాలి. లేదా సగం తోటను నెలన్నర తేడాతో నాటి, రెండు భాగాలకూ ఒకేసారి గరిష్ఠ దాహం రాకుండా చూసుకోవాలి.

మూడో మెట్టు: మొత్తం హెడ్

పంపు నీటిని ఎత్తాల్సిన ఎత్తు, తోయాల్సిన ఒత్తిడి, పైపులో రాపిడి అన్నీ కలిపి మీటర్లలో చెబితే అది హెడ్. బోరు లోతుతో దీనికి సంబంధం లేదు. 120 మీటర్ల బోరులో 66 మీటర్ల దగ్గర పంపు వేలాడదీసినా, అది ఎత్తేది పంపింగ్ మట్టం నుంచే. మన లెక్కలో అది 50 మీటర్లు.

తోటలో ఎత్తైన మూల బోరు మూతి కంటే 2 మీటర్లు ఎత్తున ఉంది. డ్రిప్ లేటరళ్లకు ఒక బార్ ఒత్తిడి కావాలి, అంటే సుమారు 10 మీటర్లు. ఫిల్టరు శుభ్రంగా ఉన్నప్పుడు తక్కువే తీసుకుంటుంది గానీ, కడగాల్సిన సమయానికి 5 మీటర్ల దాకా మింగుతుంది. ఆ 5నే వేసుకోవాలి.

ఇక రాపిడి. బోరులో 66 మీటర్లు, తోటలో 110 మీటర్లు, అంటే 180 మీటర్ల లోపు పైపు. లోపలి వ్యాసం 52 మిల్లీమీటర్లు ఉంటే, గంటకు 8 ఘనపు మీటర్ల ధారకు ప్రతి 100 మీటర్లకూ 2.2 మీటర్ల హెడ్ పోతుంది. మొత్తం దాదాపు 4, వంపులకూ వాల్వులకూ ఇంకొకటి కలిపి 5 మీటర్లు. అదే 40 మిల్లీమీటర్ల పైపు వాడితే 100 మీటర్లకు దాదాపు 8 మీటర్లు, మొత్తం 14 దాటుతుంది. సన్న పైపు కొని మిగిల్చుకున్నది ఏమీ ఉండదు. ఆ తొమ్మిది మీటర్ల తేడాను ఎత్తడానికి రెండు ప్యానెళ్లు ఎక్కువ పెట్టాలి, అదీ పంపు ఉన్నన్నాళ్లూ.

50, 2, 10, 5, 5 కలిపితే 72 మీటర్లు. పంపు దుకాణానికి తీసుకెళ్లాల్సిన మాట ఇదొక్కటే: గంటకు 8 ఘనపు మీటర్లు, 72 మీటర్ల హెడ్ దగ్గర.

నాలుగో మెట్టు: పంపు

గంటకు ఘనపు మీటర్లను హెడ్‌తో గుణించి 367తో భాగిస్తే నీటిని ఎత్తడానికి కచ్చితంగా కావలసిన శక్తి కిలోవాట్లలో వస్తుంది. 8ని 72తో గుణించి 367తో భాగిస్తే 1.57. పంపు సామర్థ్యం 60 శాతం అనుకుంటే షాఫ్టు దగ్గర 2.6 కిలోవాట్లు. దానికి 3 కిలోవాట్ల మోటారు, అంటే 4 హెచ్‌పీ. మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికింది.

కానీ 4 హెచ్‌పీ అని రాసిన పంపులన్నీ ఒకటి కావు. ఒకే హెచ్‌పీలో తక్కువ ఎత్తుకు ఎక్కువ నీరు పోసేవీ, ఎక్కువ ఎత్తుకు తక్కువ నీరు పోసేవీ ఉంటాయి. తేడా స్టేజీల సంఖ్యలో, ఇంపెల్లర్ ఆకృతిలో ఉంటుంది. పట్టికలో 72 మీటర్ల ఎదురుగా 8 ఘనపు మీటర్లు ఉన్న పంపును, అదీ దాని సామర్థ్యం గరిష్ఠంగా ఉండే చోటికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. పంపు పేరు కంటే ఆ పట్టిక ముఖ్యం. పట్టిక చూపించలేని పంపును నేను బోరులో దించను.

సోలార్‌కు ఇంకో విషయం చూడాలి. పట్టికలో ధార సున్నా అయ్యేచోట ఉండే హెడ్, అంటే వాల్వు పూర్తిగా మూసినప్పుడు పంపు చూపే గరిష్ఠ ఎత్తు. ఎండ తక్కువగా ఉంటే, ప్యానెళ్ల కరెంటును మోటారుకు అందించే కంట్రోలర్ మోటారును నెమ్మదిగా తిప్పుతుంది. వేగం తగ్గినప్పుడు ఎత్తే శక్తి వేగం వర్గం చొప్పున పడిపోతుంది. మనం ఎంచుకున్న పంపు గరిష్ఠ హెడ్ 105 మీటర్లు. ఉదయాన నీళ్లు తోటదాకా కేవలం ఎక్కడానికి కావలసింది 42 మీటర్లు: చెడ్డ సంవత్సరపు నిలకడ మట్టం 40, పైన 2. 42ను 105తో భాగించి వర్గమూలం తీస్తే 0.63. అంటే మోటారు పూర్తి వేగమైన 50 హెర్ట్జ్‌లో 0.63 వంతు, 32 హెర్ట్జ్‌కు చేరాక గానీ చుక్క నీరు రాదు. అదే 75 మీటర్ల గరిష్ఠ హెడ్ ఉన్న పంపు పెడితే 37 హెర్ట్జ్ దాటాలి. ఆ పంపు ఉదయం ఆలస్యంగా మేల్కొని సాయంత్రం త్వరగా ఆగిపోతుంది.

వేగం తగ్గినప్పుడు శక్తి ఖర్చు ఎత్తు కంటే వేగంగా, ఘనం చొప్పున తగ్గుతుంది. ఇది మనకు లాభం. మన పంపు 40 హెర్ట్జ్ వద్ద గంటకు సుమారు 5 ఘనపు మీటర్లు పోస్తుంది, కానీ అందుకు తీసుకునేది పూర్తి శక్తిలో సగమే. ఉదయం, సాయంత్రం లేత ఎండలో వచ్చే నీటిని చిన్నచూపు చూడకూడదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఐదో మెట్టు: ఎన్ని ప్యానెళ్లు

షాఫ్టు దగ్గర 2.6 కిలోవాట్లకు మోటారు, కంట్రోలరు నష్టాలు కలిపితే ప్యానెళ్ల నుంచి రావలసింది 3.5 కిలోవాట్లు. ప్యానెల్ మీద రాసిన వాట్లు ప్రయోగశాలలో, 25 డిగ్రీల వేడిలో, చదరపు మీటరుకు 1,000 వాట్ల ఎండలో కొలిచినవి. పొలంలో ప్యానెల్ వేడి 60 డిగ్రీలు దాటుతుంది, దుమ్ము పడుతుంది, తీగల్లో కొంత పోతుంది. రాసినదానిలో 80 శాతం వస్తుందనుకుంటే సరిపోతుంది.

3.5ను 0.8తో భాగిస్తే 4.4 కిలోవాట్ల ప్యానెళ్లు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఈ ప్యానెళ్లతో పంపు పూర్తి ధార పోయాలంటే ఎండ సరిగ్గా 1,000 వాట్లు ఉండాలి. అది మబ్బులేని రోజున మధ్యాహ్నం కాసేపు ఉంటే ఉండవచ్చు, లేకపోతే లేదు. నా అంచనాలో ఇలాంటి అమరిక మంచి ఎండరోజున 55 ఘనపు మీటర్ల దరిదాపుల్లో ఇస్తుంది. నెల సగటుకు అందులోంచి 15 శాతం తీసేయాలి. 57 రాదు.

రెండో పద్ధతి శక్తి లెక్క. 57ను 72తో గుణించి 367తో భాగిస్తే రోజుకు 11.2 యూనిట్లు. పంపు, మోటారు, కంట్రోలర్ కలిపి 45 శాతం సామర్థ్యం అనుకుంటే 24.8 యూనిట్లు. దాన్ని 5.4 గంటలతోనూ 0.8తోనూ భాగిస్తే 5.75 కిలోవాట్లు. ఇది మెరుగైన లెక్కే. కానీ ఎండలోని ప్రతి వాటూ నీరుగా మారుతుందని ఇది అనుకుంటుంది. మన పంపు 3.5 కిలోవాట్లకు మించి తీసుకోదు. తీసుకోకూడదు కూడా, ఎందుకంటే బోరు గీత అక్కడుంది. మధ్యాహ్నం మిగిలిపోయే శక్తిని ఈ లెక్క వదిలేసింది.

కాబట్టి ప్రశ్నను ఇలా వేసుకోవాలి: ఏ ఎండ నుంచి పంపు పూర్తి ధార అందుకోవాలి? 700 వాట్ల నుంచి అనుకుంటే, 3.5ను 0.7తోనూ 0.8తోనూ భాగించాలి. 6.25 కిలోవాట్లు. ఇలా చేస్తే ధార మధ్యాహ్నం కొండశిఖరంలా ఎగసి పడిపోకుండా, ఉదయం తొమ్మిదిన్నర నుంచి మూడింటిదాకా బల్లపరుపుగా సాగుతుంది. బోరు మీద అదనపు ఒత్తిడి ఏమీ పడదు, ఎందుకంటే కంట్రోలర్ 50 హెర్ట్జ్ దాటనివ్వదు. మబ్బులు వచ్చిపోయే రోజున కూడా ఈ అదనపు ప్యానెళ్లే పంపును ఆగకుండా నిలబెడతాయి. పెద్ద పంపు మీద పెట్టే ఖర్చును ఇలా ప్యానెళ్ల మీద పెట్టడమే ఊట తక్కువ ఉన్న బోర్లకు సరైన పద్ధతి అని నేను గట్టిగా నమ్ముతాను.

ఆరో మెట్టు: వోల్టేజీ

6.25 కిలోవాట్లకు 450 వాట్ల ప్యానెళ్లు 14 చాలు. కానీ వోల్టేజీ లెక్క కుదరాలి. మన మోటారు 380 వోల్టుల త్రీ ఫేజ్. కంట్రోలర్ ప్యానెళ్ల డీసీ నుంచి ఆ 380ని తయారుచేయాలంటే డీసీ వైపు దానికి 1.414 రెట్లు, సుమారు 537 వోల్టులు కావాలి. ఈ ప్యానెల్ పనిచేసేటప్పుడు ఇచ్చేది 41 వోల్టులు, అదీ 25 డిగ్రీల దగ్గర. వేడెక్కినకొద్దీ డిగ్రీకి 0.35 శాతం చొప్పున తగ్గుతుంది. 60 డిగ్రీల దగ్గర 14 ప్యానెళ్లు వరుసగా కలిపితే దాదాపు 504 వోల్టులే. అంటే సరిగ్గా మధ్యాహ్నం, ఎండ బాగా ఉన్నప్పుడే, మోటారు పూర్తి వేగం అందుకోదు. 15 పెడితే 540. సరిపోయింది.

ఇప్పుడు రెండో అంచు. చల్లని ఉదయం, మోటారు ఇంకా తిరగనప్పుడు ప్యానెల్ వోల్టేజీ గరిష్ఠంగా ఉంటుంది. లోడు లేనప్పుడు ఒక్కోటి 49.3 చొప్పున 15కు 740. పది డిగ్రీల చలిలో అది 770కి చేరుతుంది. కంట్రోలర్ తట్టుకోగల గరిష్ఠం 800 అయితే ఇబ్బంది లేదు. 16 పెడితే 820 దాటి, ఒక చలికాలం ఉదయం కంట్రోలర్ కాలిపోతుంది. ఆ నష్టాన్ని చాలా కంపెనీలు వారంటీలో లెక్కలోకి తీసుకోవు. కాబట్టి 15 ప్యానెళ్లు, ఒకే వరుస, 6.75 కిలోవాట్లు. పూర్తి ధార 650 వాట్ల నుంచే మొదలవుతుంది. మంచి ఎండరోజున 65 ఘనపు మీటర్లకు పైగా రావాలి. సగటున 57 దక్కుతుంది.

కంట్రోలర్‌ను మాత్రం ప్యానెళ్ల వాట్లను బట్టి కాదు, మోటారు పూర్తి లోడులో తీసుకునే ఆంపియర్లను బట్టి ఎంచుకోవాలి.

ఏడో మెట్టు: బోరు లోపల

పంపును 66 మీటర్ల దగ్గర వేలాడదీస్తున్నాం. పంపింగ్ మట్టానికి 16 మీటర్లు కింద, బోరు అడుగున పేరుకునే మట్టికి బాగా పైన. ఇందులో దాగి ఉన్న చిక్కు ఒకటుంది. సబ్‌మెర్సిబుల్ మోటారు పంపుకు కింద ఉంటుంది, తన పక్కనుంచి పారే నీటితోనే చల్లబడుతుంది. మన బోరులో నీళ్లు వచ్చే పగులు 50 మీటర్ల దగ్గర, పంపుకు పైన ఉంది. నీళ్లు పైనుంచి దిగి నేరుగా పంపు నోట్లోకి పోతాయి. మోటారు చుట్టూ ఉన్న నీరు కదలకుండా వేడెక్కుతుంది. దీనికి మందు మోటారుకు తొడుగు వేయడం. 125 మిల్లీమీటర్ల పైపు ముక్కను పంపు నీరు పీల్చే చోటికి పైన మూసి, కింద తెరిచి, మోటారు మొత్తం దాని లోపల ఉండేలా బిగించాలి. అప్పుడు నీరు తప్పనిసరిగా కిందినుంచి మోటారును ఒరుసుకుంటూ వస్తుంది. రెండేళ్లకోసారి మోటారు కాలిపోతోందని వాపోయేవారి బోర్లలో చాలావాటికి లేనిది ఈ తొడుగే.

కంట్రోలర్‌లో కనిష్ఠ వేగం 30 హెర్ట్జ్‌కు తగ్గకుండా పెట్టండి. మోటారు అడుగున ఉండే బేరింగు తిరిగే వేగంతో ఏర్పడే పలుచని నీటి పొర మీదే నిలుస్తుంది. మరీ నెమ్మదిగా తిరిగితే ఆ పొర ఏర్పడక బేరింగు అరిగిపోతుంది.

నీళ్లు లేకుండా పంపు తిరగకుండా కాపాడటానికి, మోటారు కరెంటు పడిపోయినప్పుడు ఆపే సౌకర్యం చాలా కంట్రోలర్లలో ఉంటుంది. సోలార్‌లో దాన్ని మాత్రమే నమ్ముకోవద్దు. మబ్బు పట్టినప్పుడు కూడా కరెంటు పడిపోతుంది కదా. అది బోరు ఎండిందో, ఎండ తగ్గిందో తేల్చుకోలేక అనవసరంగా ఆగుతుంది, లేదా ఆగాల్సినప్పుడు ఆగదు. పంపుకు రెండు మూడు మీటర్ల పైన నీటిమట్టం తెలిపే ఎలక్ట్రోడు కట్టి కంట్రోలర్‌కు కలపండి.

కేబులుకు 86 మీటర్ల పొడవు, 8 ఆంపియర్లు అనుకుంటే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో దాదాపు 10 వోల్టులు పోతాయి, మూడు శాతం లోపే. పొడవు ఇంతకు మించితే 4 చదరపు మిల్లీమీటర్లకు వెళ్లండి.

పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది

తోటను నాలుగు భాగాలుగా విడదీశాం. మధ్యాహ్నం రెండు భాగాల వాల్వులు తెరిచి ఉంటాయి. ఉదయం, సాయంత్రం ధార సగానికి తగ్గినప్పుడు ఒక్కటే. అప్పుడే సన్నధారలో కూడా డ్రిప్‌కు ఒత్తిడి నిలుస్తుంది.

బిగించిన మొదటి వారంలో మబ్బులేని ఒక రోజు చూసుకుని, ఉదయం పదింటికి, పన్నెండింటికి, మూడింటికి మూడు అంకెలు రాసిపెట్టుకోండి: కంట్రోలర్ తెర మీది హెర్ట్జ్, డ్రమ్ము నిండే సమయం, బోరులో మట్టం. లోపం ఎక్కడుందో ఈ మూడే చెబుతాయి.

మధ్యాహ్నం హెర్ట్జ్ 50 ఉంది, మట్టం కూడా అనుకున్నచోటే ఉంది, నీళ్లు మాత్రం తక్కువ వస్తున్నాయంటే ముందు ఫిల్టరు చూడండి. తర్వాత బోరులోని పైపు జాయింట్లు. చివరగా ఇంపెల్లర్ అరుగుదల. మిట్టమధ్యాహ్నం కూడా హెర్ట్జ్ 40 దాటకపోతే లోపం పైన ఉంది: దుమ్ము, ఏదో ఒక ప్యానెల్ మీద పడుతున్న నీడ, లేదా వరుసలో చాలని వోల్టేజీ. పదింటికి ధార బాగా ఉండి, పన్నెండింటికి ఎగసిపడుతూ గాలి బుడగలతో వచ్చి, నాలుగింటికి మళ్లీ మామూలుగా వస్తోందంటే బోరును దాని శక్తికి మించి లాగుతున్నారు. అప్పుడు ప్యానెళ్లు తీసేయకండి. కంట్రోలర్‌లో గరిష్ఠ వేగాన్ని 50 నుంచి 47కు, అవసరమైతే 45కు దించండి. మధ్యాహ్నపు ధార కొద్దిగా తగ్గుతుంది, బల్లపరుపుగా సాగే సమయం ఇంకొంచెం పెరుగుతుంది, మట్టం పగులు పైనే నిలుస్తుంది. వారం తర్వాత మళ్లీ అదే పన్నెండింటికి తీగ దించి కొలవండి. మన బోరులో ఆ తీగ 50 మీటర్ల లోపే నీటిని తాకాలి.